పది ఇన్నింగ్స్ సగటు పడిపోతే ఫామ్ పోయినట్టేనా?

నల్లగొండ ఎన్జీ కాలేజీ గ్రౌండ్‌లో ఆదివారం మ్యాచ్ అయిపోయాక మా కెప్టెన్ నా ఫోన్ తీసుకుని గ్రాఫ్ చూశాడు. మా వన్‌డౌన్ పిల్లాడి గీత అంతదాకా సాఫీగా వచ్చి, చివర్లో ఒక్కసారిగా కిందికి దిగింది. "చూడన్నా, వీని ఫామ్ పోయింది. వచ్చే వారం కూసోపెడదాం" అన్నాడు.

ఆ గ్రాఫ్ నేను గీసిందే. స్కోర్ బుక్ రాసేది కూడా నేనే. ఒక్కో స్కోరు చూస్తే ఏమీ అర్థం కాదని, చివరి పది ఇన్నింగ్స్‌కు మూవింగ్ యావరేజ్ తీసి గీత గీయడం మొదలుపెట్టాను. ఎగుడుదిగుళ్లు తగ్గి అసలు ఫామ్ కనిపిస్తుందని నా ఆశ. కానీ ఆ గీత చూసి ఒక పిల్లాడిని బెంచీ మీద కూర్చోబెట్టే మాట వచ్చేసరికి, అది నిజంగా ఏం చెబుతోందో విడదీసి చూడాల్సి వచ్చింది. అలా చూస్తే తేలినవి ఇక్కడ రాస్తున్నాను.

ముందు ఆ పిల్లాడి మొదటి పది స్కోర్లు: 12, 84, 5, 31, 0, 47, 22 నాటౌట్, 9, 63, 18. మొత్తం 291 పరుగులు, తొమ్మిది సార్లు ఔట్. బ్యాటింగ్ సగటు అంటే పరుగుల్ని ఔట్లతో భాగించడం కాబట్టి 32.3. ఎక్సెల్‌లో రెండో కాలమ్‌లో పరుగులు, మూడో కాలమ్‌లో ఔటైతే 1, నాటౌట్ అయితే 0 రాసుకుంటే లెక్క ఒక్క లైనే:

```
=SUM(B2:B11)/SUM(C2:C11)
```

దీన్ని కిందికి లాగితే ప్రతి ఇన్నింగ్స్ తర్వాత పాతది ఒకటి పోయి కొత్తది ఒకటి చేరుతుంది. పది గడుల కిటికీ ఒక్కో గడి ముందుకు జరుగుతున్నట్టు అనుకోండి. పదకొండో ఇన్నింగ్స్‌లో 14 కొట్టాడు, మొదటి 12 బయటికి పోయింది, సగటు 32.6. పన్నెండో ఇన్నింగ్స్‌లో 20 కొట్టాడు. సగటు 25.4కి పడింది. కెప్టెన్ చూసిన దిగుడు ఇదే.

ఒక్క రోజులో ఏడు పరుగులు పోయాయి. ఆ రోజు వాడు ఆడిన ఇన్నింగ్స్ అంత ఘోరంగా ఉందా? లేదు. 20 పరుగులు వాడి మామూలు స్కోరే. ఆ రోజు జరిగిందేమిటంటే, రెండో మ్యాచ్‌లో కొట్టిన 84 కిటికీలోంచి బయటికి పోయింది. అంటే గీత దిగడానికి కారణం రెండు నెలల కింద జరిగిన ఇన్నింగ్స్. మళ్లీ 84 కొడితే తప్ప ఆ రోజు గీత నిలబడేది కాదు. 60 కొట్టినా కిందికే దిగేది. పది ఇన్నింగ్స్ సగటు మారినప్పుడల్లా అందులో సగం వాటా లోపలికి వచ్చిన స్కోరుది, సగం వాటా బయటికి పోయిన స్కోరుది. మనకు మాత్రం నిన్నటి మ్యాచే గుర్తుంటుంది కాబట్టి మొత్తం నేరం దాని మీద వేస్తాం.

నాటౌట్లతో ఇంకో తిరకాసు ఉంది. పదహారో ఇన్నింగ్స్ అయ్యేసరికి కిటికీలో 230 పరుగులు, తొమ్మిది ఔట్లు, సగటు 25.6. పదిహేడో ఇన్నింగ్స్‌లో 28 కొట్టి ఔటయ్యాడు. బయటికి పోయింది ఆ 22 నాటౌట్. పరుగులు 230 నుంచి 236కి పెరిగాయి, సగటు మాత్రం 23.6కి తగ్గింది. పోయిన స్కోరు కన్నా ఎక్కువ కొట్టినా గీత దిగింది, ఎందుకంటే నాటౌట్ పోయి ఇప్పుడు పది ఔట్లు అయ్యాయి. ఇందులో లెక్క తప్పేమీ లేదు. గీత దిగిన చోటల్లా పక్కన ఏం పోయిందో రాసుకోకపోతే మాత్రం మనం తప్పుగా చదువుతాం. ఇప్పుడు నా గ్రాఫ్‌లో ప్రతి చుక్క పక్కన రెండు అంకెలు ఉంటాయి. వచ్చింది నీలం, పోయింది ఎరుపు. నాటౌట్‌కు చుక్క గుర్తు.

ఇంతకన్నా లోతైన చిక్కు ఒకటుంది. అది అర్థమవడానికి నాకు చాలా రోజులు పట్టింది.

గ్రాఫ్‌లో పక్కపక్కనే ఉన్న రెండు చుక్కలు చూడండి. పది స్కోర్లలో తొమ్మిది రెండింటిలోనూ ఉంటాయి. అందుకే పెద్ద స్కోరు వచ్చినప్పుడో పోయినప్పుడో తప్ప గీత మెల్లగా ఎక్కి మెల్లగా దిగుతుంది. ఆ సాఫీ వంపు చూడగానే "అప్పట్లో బాగా ఆడాడు, తర్వాత తగ్గాడు, మళ్లీ పుంజుకుంటున్నాడు" అని మనసు కథ అల్లేస్తుంది. కానీ ఏ కథా లేని అంకెల నుంచి కూడా అలాంటి అలలే వస్తాయి. 1927లో స్లట్‌స్కీ అనే సోవియట్ ఆర్థికవేత్త లాటరీ అంకెలు తీసుకుని వాటికి ఇలాంటి సగటులే తీసి చూపించాడు. వాటి గ్రాఫ్ అచ్చం వ్యాపారంలో వచ్చే ఎగుడుదిగుళ్లలా కనిపించింది. లాటరీ అంకెలకు ఫామ్ ఉండదు కదా.

దీన్ని ఇంట్లోనే చేసి చూడొచ్చు. ఆ పిల్లాడి పదిహేడు స్కోర్లు పదిహేడు చీటీల మీద రాసి, స్టీలు గిన్నెలో వేసి కలిపి, ఒక్కొక్కటీ తీశాను. వచ్చిన వరుస ఇది: 31, 9, 47, 84, 20, 0, 35, 63, 14, 22 నాటౌట్, 6, 28, 2, 18, 41, 5, 12. స్కోర్లు అవే, ఆడింది అదే పిల్లాడు, వరుస మాత్రం గిన్నె ఇచ్చింది. మొదటి పదింటి సగటు 36.1. నాలుగు ఇన్నింగ్స్ తిరిగేసరికి 23.1. చివరికి 23.4. వాడు నిజంగా ఆడిన వరుసలో అత్యధికం 32.6, అత్యల్పం 23.6. అంటే గిన్నెలో కలిపిన చీటీలకే నిజమైన సీజన్ కన్నా పెద్ద "ఫామ్ పతనం" వచ్చింది. ఆ గ్రాఫ్ కెప్టెన్‌కు చూపించి ఉంటే వాడిని ఇంకా ముందే తీసేసేవాడు.

ఇలా ఎందుకవుతుందంటే బ్యాటర్ స్కోర్ల స్వభావమే అంత. ఎక్కువ సార్లు చిన్న స్కోర్లు, అప్పుడప్పుడు ఒక పెద్ద స్కోరు. ప్రతి పరుగు దగ్గరా ఔటయ్యే అవకాశం దాదాపు ఒకేలా ఉందనుకుంటే, స్కోర్లు సగటుకు అటూ ఇటూ ఎంత చెదురుతాయో చెప్పే స్టాండర్డ్ డీవియేషన్ ఇంచుమించు సగటంత ఉంటుంది. ఈ పిల్లాడి పదిహేడు ఇన్నింగ్స్‌లో ఇన్నింగ్స్‌కు సగటున 25.7 పరుగులు, స్టాండర్డ్ డీవియేషన్ 22. చాలామంది బ్యాటర్ల స్కోర్లు ఇలాగే ఉంటాయి.

పది ఇన్నింగ్స్ సగటు తీస్తే ఆ చెదురు తగ్గుతుంది, కానీ పదో వంతుకు తగ్గదు. పది వర్గమూలంతో, అంటే 3.16తో భాగించినంతే తగ్గుతుంది. ఈ పిల్లాడి సీజన్ సగటు 27.3. దాన్ని 27 అనుకుందాం. 27ను 3.16తో భాగిస్తే 8.5. వాడి ఆటలో ఇసుమంత మార్పు లేకపోయినా పది ఇన్నింగ్స్ సగటు మూడింట రెండు సార్లు 18.5కూ 35.5కూ మధ్య ఎక్కడైనా ఉంటుంది. మిగతా సార్లు ఆ పట్టీ కూడా దాటిపోతుంది. ఇప్పుడు మా గ్రాఫ్ చూస్తే 32.6 నుంచి 23.6 దాకా ప్రతి చుక్కా ఆ పట్టీ లోపలే ఉంది. గీత మీద ఆ రెండు అడ్డగీతలు గీశాక, ఆ దిగుడును చూడటం కూడా అనవసరం అనిపించింది.

ఇంకో చిన్న లెక్క కూడా వేశాను. స్కోర్లను చిన్న నుంచి పెద్దకు పేర్చి మధ్యలోది చూశాను. మొదటి పదింటిలో మధ్యన 18, 22 ఉంటాయి, వాటి నడుమ 20. చివరి ఏడింటిలో, అంటే 14, 20, 35, 6, 41, 2, 28లో, మధ్య స్కోరు మళ్లీ 20. వాడి మామూలు రోజు ఏమీ మారలేదు. 84, 63 లాంటి పెద్ద రోజు ఒకటి రాలేదు, అంతే.

మరి ఈ పద్ధతికి నిజమైన మార్పు దొరుకుతుందా? దొరుకుతుంది, మార్పు చాలా పెద్దదైతే. అందరికీ గుర్తుండే ఉదాహరణ 2014లో కోహ్లీ ఇంగ్లండ్ టూర్. అయిదు టెస్టులు, పది ఇన్నింగ్స్, అంటే సరిగ్గా మన కిటికీ అంత. స్కోర్లు 1, 8, 25, 0, 39, 28, 0, 7, 6, 20. పదిసార్లూ ఔట్, మొత్తం 134, సగటు 13.4. ఆ టూర్‌కు ముందు అతని టెస్టు సగటు 46కు పైన. 46ను 3.16తో భాగిస్తే 14.5. మామూలుగా ఆ సగటు 31కీ 60కీ మధ్య ఉండాలి. 13.4 అందులో ఎక్కడా ఆనదు. ఆటలో ఏ మార్పూ లేకుండా ఇంత తక్కువ రావడం వెయ్యిలో ఒకసారికి అటూ ఇటూ. కెరీర్ మొత్తం తిరగేసి అన్నిటికన్నా చెత్త పది ఇన్నింగ్స్‌ను మనమే ఏరుకుంటే ఆ అవకాశం కొంత పెరుగుతుంది, ఆ జాగ్రత్త ఉండాలి. కానీ ఇక్కడ అంకె ఒంటరిగా లేదు. ఒక్క ఆండర్సనే నాలుగుసార్లు తీశాడు. ఆఫ్ స్టంప్ బయట స్వింగయ్యే బంతిని తడిమి కీపర్‌కో స్లిప్‌కో దొరకడం మళ్లీ మళ్లీ జరిగింది. అంకె పట్టీ దాటింది, ఔటయ్యే తీరూ ఒక్కటే. ఈ రెండూ కలిసినప్పుడు మార్పు నిజమని నమ్మొచ్చు.

తర్వాత డిసెంబర్‌లో ఆస్ట్రేలియాలో ఆడాడు. అడిలైడ్‌లో 115, 141. ఇక్కడ పది ఇన్నింగ్స్ సగటు ఎలా నడిచిందో చూడండి. 115 తర్వాత 24.8. రెండో సెంచరీ తర్వాత 38.1. ఒకే మ్యాచ్‌లో రెండు సెంచరీలు కొట్టాక కూడా ఈ గీత ప్రకారం అతను తన పాత సగటు కన్నా కింద ఉన్నాడు. బ్రిస్బేన్‌లో 19, 1 కొట్టాడు. ఆ ఒక్క పరుగు ఇన్నింగ్స్ తర్వాత సగటు 37.5 నుంచి 37.6కి పెరిగింది, ఎందుకంటే బయటికి పోయింది లార్డ్స్‌లో కొట్టిన సున్నా. మెల్‌బోర్న్‌లో 169 కొట్టాక గానీ గీత 50 దాటలేదు. చివరికి సిడ్నీలో 147, 46 అయ్యాక 71.8. అప్పటికి సిరీస్ ముగిసింది.

పది గడుల కిటికీ మధ్యబిందువు ఎప్పుడూ నాలుగున్నర ఇన్నింగ్స్ వెనక ఉంటుంది. మన ఆదివారం క్రికెట్‌లో నాలుగున్నర ఇన్నింగ్స్ అంటే నెల పైనే. ఈ రోజు గ్రాఫ్‌లో కనిపించేది నెల కిందటి ఆటగాడిని. పడిపోయిన రోజూ ఆలస్యంగానే తెలుస్తుంది, లేచిన రోజూ ఆలస్యంగానే తెలుస్తుంది. ఎదుటి బౌలింగ్, పిచ్, బంతి మారిన సంగతి ఈ గీతకు అసలే తెలియదు. మా దగ్గర మ్యాట్ మీద ఆడిన ఇన్నింగ్స్, టర్ఫ్ మీద ఆడిన ఇన్నింగ్స్ ఒకే కిటికీలో పడతాయి. నేను వాటిని పక్కన గుర్తు పెడతాను, కానీ విడదీసి సగటు తీయను. పదే తక్కువ, అందులో అయిదూ అయిదూ చేస్తే ఏమీ మిగలదు.

పాత స్కోరు ఒక్కసారిగా బయటికి పడిపోయే ఇబ్బందికి మాత్రం మంచి మందు ఉంది. పది ఇన్నింగ్స్‌కూ సమాన విలువ ఇచ్చి పదకొండోదాన్ని సున్నా చేసే బదులు, పాతబడే కొద్దీ ప్రతి స్కోరు విలువ కొంచెం కొంచెం తగ్గిస్తూ పోవడం. దీన్ని ఎక్స్‌పొనెన్షియల్ మూవింగ్ యావరేజ్ అంటారు. పది గడుల కిటికీకి సరితూగే వాటా 2/11, అంటే దాదాపు 0.18. కొత్త స్కోరుకూ పాత సగటుకూ ఉన్న తేడాలో 18 శాతం మాత్రం గీతను కదిలిస్తాం. నాటౌట్ల కోసం పరుగులకు ఒకటి, ఔట్లకు ఒకటి వేరువేరుగా నడిపి చివర్లో భాగించాలి. ప్రతి ఇన్నింగ్స్ స్కోరును నేరుగా వాడితే 22 నాటౌట్‌ను 22కు ఔటైనట్టే లెక్కేసినట్టవుతుంది. D11లో మొదటి పదింటి పరుగుల మామూలు సగటు 29.1, E11లో ఔట్ల మామూలు సగటు 0.9 పెట్టి, పన్నెండో వరుస నుంచి ఇలా:

```
D12: =D11+0.18*(B12-D11)
E12: =E11+0.18*(C12-E11)
F12: =D12/E12
```

మా వాడికి ఇలా వేస్తే పదో ఇన్నింగ్స్ దగ్గర 32.3, తర్వాత 14 కొట్టాక 28.7, 20 కొట్టాక 27.1, 35 కొట్టాక 28.6. 14కు కాస్త ఎక్కువ దిగింది, 20కి కొంచెం దిగింది, 35కు పైకి లేచింది. గీత కదిలిన ప్రతిసారీ దానికి కారణం ఆ రోజు ఆటే. పన్నెండో ఇన్నింగ్స్ దగ్గరి ఆ కొండ అంచు మాయమైంది. ఇప్పుడు నేను గ్రూపులో పెట్టేది ఈ గీతే. అయితే ఇది కూడా పట్టీని సన్నం చేయదు. దీని చెదురు కూడా పది ఇన్నింగ్స్ సగటు చెదురంతే. ఆ భ్రమ పెట్టుకోకూడదు.

అసలు చేదు నిజం ఇది. 27 సగటు ఉన్న పిల్లాడి ఆట నిజంగానే 18కి పడిపోయిందనుకుందాం. కోచ్‌కు అది చాలా పెద్ద నష్టం. పది ఇన్నింగ్స్ సగటులో అది కనపడదు, ఎందుకంటే 18 కూడా మామూలు చెదురులో భాగమే. పాత పది, కొత్త పది అని ఒకదానితో ఒకటి కలవని రెండు కిటికీలు పోల్చితే చెదురు ఇంకా పెద్దది, 12 పరుగుల దాకా. పరుగులతోనే తేల్చాలంటే నలభై ఇన్నింగ్స్ కావాలి, అప్పుడు చెదురు నాలుగు పరుగులకు దిగుతుంది. మాకు నలభై ఇన్నింగ్స్ అంటే రెండేళ్లు. అప్పటికి పిల్లాడు డిగ్రీ అయిపోయి హైదరాబాద్ వెళ్లిపోతాడు.

అందుకే నేను పరుగులు వదిలి బంతుల వైపు చూడటం మొదలుపెట్టాను. ఒక ఇన్నింగ్స్ ఒక్క అంకె ఇస్తుంది, కానీ అందులో ఇరవై ముప్పై బంతులు ఉంటాయి. ఈ సీజన్ మొదటి నుంచి స్కోర్ బుక్ మార్జిన్‌లో ఒక అలవాటు ఉంది. బంతి బ్యాట్‌ను దాటిపోయినా, అంచుకు తగిలినా, అనుకున్న వైపు కాక వేరే వైపు గాల్లోకి లేచినా చిన్న గీత పెడతాను. అది నాలుగు పోయినా గీతే. మా వన్‌డౌన్ మొదటి పది ఇన్నింగ్స్‌లో ఆడిన 340 బంతుల్లో 51 గీతలు, అంటే నూటికి 15. చివరి ఏడింటిలో 190 బంతులకు 29 గీతలు, మళ్లీ నూటికి 15. ఇన్ని బంతులున్నప్పుడు ఈ శాతం చెదురు రెండున్నర మాత్రమే. వాడి కాళ్లో చూపో నిజంగా దెబ్బతిని గీతలు నూటికి 25కి చేరి ఉంటే, ఏడు ఇన్నింగ్స్‌లోనే స్పష్టంగా దొరికిపోయేవాడు. దీనికో షరతు ఉంది: గీత పెట్టే మనిషి మారకూడదు. ఒకరోజు నేను పెళ్లికి వెళ్తే ఇంకొకరు రాశారు, ఆ రోజు అందరికీ గీతలు సగమే ఉన్నాయి. ఆ మ్యాచ్ గీతలు లెక్కలోంచి తీసేశాను.

పన్నెండో ఇన్నింగ్స్ తర్వాతి వారం, అప్పటికి ఉన్న పన్నెండు ఇన్నింగ్స్‌తోనే ఇలాంటి లెక్కలు కెప్టెన్ ముందు పెట్టాను. గడియారం సెంటర్‌లో చాయ్ తాగుతూ చీటీలు కూడా కలిపి తీయించాను. రెండోసారి కలిపి తీశాక, "అన్నా, అయితే గీ గీతల లెక్కే చూద్దాం" అన్నాడు. పిల్లాడు టీమ్‌లోనే ఉన్నాడు. తర్వాతి మ్యాచ్‌లో 35 కొట్టాడు, ఆ తర్వాత 6. ఆ రెండూ నేను చెప్పినదానికి రుజువు కాదు, వ్యతిరేకమూ కాదు.

ఇప్పుడు పదిహేడు ఇన్నింగ్స్ అయ్యాయి. పాత పద్ధతి కిటికీలో ఉన్నవి 9, 63, 18, 14, 20, 35, 6, 41, 2, 28. వచ్చే ఆదివారం 9 బయటికి పోతుంది, ఆపై ఆదివారం 63 పోతుంది. రెండు మ్యాచ్‌ల్లోనూ వాడు తన మామూలు 20 కొట్టి ఔటయ్యాడనుకుంటే, పాత గీత ముందు 24.7కి లేచి, తర్వాత 20.4కి పడుతుంది. సీజన్ మొత్తంలో అదే అతి తక్కువ. స్కోర్ బుక్‌లో ఆ పంతొమ్మిదో వరుస పక్కన పెన్సిల్‌తో "63 పోతుంది" అని ఇప్పుడే రాసిపెట్టి, కెప్టెన్ చేత సంతకం పెట్టించాను.